ఒక్క మాటతో మందైపోయిన మునగాకు

వినుకొండ దగ్గరి ఒక పల్లెలో మునగతోట ఉన్న చెల్లెలు ఒకామె నిరుడు నాకు ఫోన్ చేసింది. ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు పెట్టుకునే చిన్న వ్యాపారులకు వివరణలు రాసిపెట్టడం నా పని. "అన్నా, పొడి పంపకముందే వద్దంటున్నారు. ఏం తప్పు రాశానో చెప్పరు. నిషేధిత పదాలు, అనుమతి లేని ప్రకటనలు ఉన్నాయంటారు, అంతే" అంది. గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువగా వినిపించింది. తన తోటలో తన చేత్తో కోసి ఆరబెట్టిన ఆకు అది. అందులో కల్తీ లేదు. అలాంటప్పుడు అబద్ధాలకోరుతో మాట్లాడినట్టు మాట్లాడతారేమిటని ఆమె బాధ.

ఆమె పెట్టిన వివరణ ఇది:

"మా ఇంటి మునగాకు పొడి. 100 శాతం స్వచ్ఛమైనది, ఆర్గానిక్, ఇంట్లో చేసినది. షుగర్‌ని, బీపీని అదుపులో ఉంచుతుంది. బరువు తగ్గిస్తుంది. పాలకంటే 17 రెట్లు కాల్షియం, పాలకూరకంటే 25 రెట్లు ఐరన్. ఎలాంటి సైడ్ ఎఫెక్ట్స్ లేవు. డాక్టర్లు సిఫారసు చేసేది. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదించినది."

చదివితే మనకేమీ కొత్తగా అనిపించదు. సంతలో, వాట్సాప్‌లో, బంధువుల ఇంట్లో రోజూ వినే మాటలే. అయితే ఈ నాలుగు వరుసల్లో ఒక్క వాక్యం కూడా నిలబడేది కాదు. ఒక్కో వాక్యం పడిపోవడానికి కారణం ఒక్కోటి. అది తెలుసుకోకుండా మాటలు మార్చుకుంటూ పోతే ఎన్నిసార్లు పంపినా తిరిగి వస్తూనే ఉంటుంది.

ఆమె అప్పటికే రెండుసార్లు మార్చి పంపింది. మొదటిసారి "షుగర్‌ని అదుపులో ఉంచుతుంది" తీసేసి "షుగర్ ఉన్నవారికి మంచిది" అని పెట్టింది. రెండోసారి "రక్తంలో చక్కెర స్థాయిని సమతుల్యం చేస్తుంది" అంది. రెండూ వెనక్కి వచ్చాయి. పక్క ఊరి కుర్రాడొకడు ఇంగ్లిష్ వివరణలో `d1abetes` అని పెట్టమని సలహా ఇచ్చాడట, అక్షరం బదులు అంకె వేస్తే కంప్యూటర్ పట్టుకోలేదని. అది మాత్రం చేయవద్దని గట్టిగా చెప్పాను. మామూలు మాట దొరికితే తెలియక రాశారనుకుంటారు. అంకె వేసి దాచిన మాట దొరికితే తెలిసే రాశారని రుజువవుతుంది. అప్పుడు పోయేది ఆ ఒక్క సరుకు పేజీ కాదు, అమ్మకపు ఖాతా.

అసలు అక్కడ పట్టుకునేది పదాన్ని కాదు. నిజమే, మొదట చూసేది కంప్యూటరే, దాని దగ్గర పదాల జాబితా ఉంటుంది. కానీ ఆ జాబితా వెనకున్న ప్రశ్న ఒకటే: ఈ వాక్యం ఈ సరుకును ఏ వస్తువుగా చేస్తోంది? మునగాకు పొడి ఆహారం. "షుగర్‌ని అదుపులో ఉంచుతుంది" అని అనగానే దాన్ని ఒక జబ్బుకు వాడే వస్తువుగా చెప్పినట్టయింది. 1954లో వచ్చిన మందులు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం మందుకు ఇచ్చిన నిర్వచనంలో, జబ్బును నయం చేయడానికో నివారించడానికో ఉద్దేశించిన పదార్థం కూడా ఉంది. ఉద్దేశం అనే మాట అక్కడ కీలకం. ఆ ఉద్దేశం సీసాలో కనిపించదు, దానిమీద రాసిన మాటల్లో కనిపిస్తుంది. ఫలానా జబ్బులకు మందు ఉందని ప్రకటించకూడదంటూ ఆ చట్టం ఒక పట్టిక కూడా ఇచ్చింది. మధుమేహం, రక్తపోటు, ఊబకాయం, గుండెజబ్బులు, క్యాన్సర్ అన్నీ అందులో ఉన్నాయి. మా చెల్లెలి రెండు చిన్న వాక్యాలు ఆ పట్టికలోని మూడు జబ్బులను తాకాయి.

ఆహారం వైపునుంచి చూసినా దారి మూసే ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో ప్రకటనలు, వాగ్దానాల గురించి నిబంధనలు తెచ్చింది. ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఏ ఆహారమూ జబ్బును నివారిస్తుందనో, తగ్గిస్తుందనో, నయం చేస్తుందనో చెప్పకూడదని అందులో ఉంది. నేరుగా చెప్పడమే కాదు, అలా అర్థం వచ్చేలా సూచించడమూ కుదరదు. అందుకే "షుగర్ ఉన్నవారికి మంచిది" అన్నా, "చక్కెర స్థాయిని సమతుల్యం చేస్తుంది" అన్నా లాభం లేకపోయింది. మాట మెత్తబడింది తప్ప చెప్పే సంగతి మారలేదు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆన్‌లైన్ అంగడివాళ్లు అంత జాగ్రత్త పడేది ఇందుకే.

ఈ సంగతి చెప్పగానే ఆమె అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "మరి మా నాయనమ్మ చెప్పేది అబద్ధమా అన్నా?" కాదు. నాయనమ్మ తన మనవరాలికి చెప్పింది. పక్కనే ఉండి చెప్పింది, తేడా చేస్తే తనే చూసుకునేది. అంగట్లో రాసిన మాటను ఎక్కడో ఉన్న ఒక పెద్దాయన చదువుతాడు. షుగర్ మాత్ర మానేసి పొద్దున్నే రెండు చెంచాల పొడి కలుపుకు తాగుతాడు. ఆయనకు ఏమైనా అయితే మనకు తెలియను కూడా తెలియదు. నియమాన్ని ఈ వైపునుంచి చూపించాక ఆమె వాదించడం మానేసి కాగితం తీసుకుంది.

మిగిలిన వాక్యాలు ఒక్కొక్కటే చూశాం.

"ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదించినది" అనడం చాలామంది తెలియక చేసే తప్పు. ఆ సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్. ఈ పొడి మంచిదని వాళ్లిచ్చిన సర్టిఫికెట్ కాదు. నంబరును లేబుల్ మీద వేయాలి, కానీ అమ్మకం పెంచుకునే మాటగా వాడకూడదు. "డాక్టర్లు సిఫారసు చేసేది" అన్నదీ ఆ నిబంధనల్లో పేరుపెట్టి కాదన్న మాటే. నిజంగా ఒక డాక్టరు చెప్పినా సరే, ఆహారం అమ్మడానికి ఆ మాట వాడకూడదు.

"ఆర్గానిక్" అనాలంటే ధ్రువీకరణ ఉండాలి. ఎరువుల కొట్టు ముఖం చూడకుండా పండించినా, కాగితం లేకపోతే అంగట్లో ఆ మాట చెల్లదు. ఆమె దగ్గర కాగితం లేదు. "ఇంట్లో చేసినది" దగ్గర మాత్రం నేనూ కాసేపు ఆగాను. మన ఊరగాయల వ్యాపారమంతా ఆ మాటమీదే నడుస్తోంది కదా. కానీ అమ్మకానికి తయారుచేసిన సరుకును ఇంటి వంటగా భ్రమపడేలా చూపే మాటలు వాడకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. ఆమె పొడి ఆడేది తోట పక్కన వేసుకున్న రేకుల షెడ్డులో, కరెంటు మరతో. అక్కడ శుభ్రంగానే ఉంటుంది, అయినా అది ఇల్లు కాదు. "100 శాతం" సంగతికొస్తే, లేబుళ్ల మీదా ప్రకటనల్లోనూ ఆ మాట వాడకం మానేయమని 2025 మే నెలలో ఆహార భద్రతా సంస్థ వ్యాపారులకు సూచన పంపింది. ఆ అంకె చూస్తే పక్కవాడి సరుకు తక్కువదన్న భావం కలుగుతుందన్నది వాళ్ల అభ్యంతరం.

ఇక పాలకంటే 17 రెట్లు కాల్షియం. దీనిమీద మేం ఎక్కువసేపు కూర్చున్నాం, ఎందుకంటే ఆమె దీన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. "ఇది జబ్బు గురించి కాదుగా, సైన్సే కదా" అంది. సరే, లెక్కే వేద్దామన్నాను.

ఆవుపాలు 100 గ్రాముల్లో కాల్షియం దాదాపు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. 17 రెట్లంటే రెండు వేలు దాటాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పోషక పట్టికల్లో 100 గ్రాముల పచ్చి మునగాకుకు 314 మిల్లీగ్రాములని ఉంది. పచ్చి ఆకులో ముప్పావు వంతు నీరే. ఆ నీరంతా పోతే నాలుగింతలు చిక్కబడుతుందనుకుందాం, 1,250 దగ్గర ఆగుతుంది. అంటే పాలకు పదిరెట్లు, 17 కాదు. ఆకు రకాన్ని బట్టి, నేలను బట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి, రెండు వేలు వచ్చిన పొడి కూడా ఉండొచ్చు. కాబట్టి ఆ 17 అన్నది తన పొడికి చేయించిన పరీక్షలో వచ్చిన అంకె కాదు, ఎక్కడో చదివి దించుకున్నది.

పోనీ, రెండు వేలే అనుకుందాం. ఎవరైనా 100 గ్రాముల మునగాకు పొడి ఒకేసారి తింటారా? ఆమె ప్యాకెట్ మీద రాసింది రోజుకో చెంచా అని. వంటింటి చిన్న త్రాసుమీద కొలిచి చూడమన్నాను. చదునుగా తీసిన చిన్న చెంచా మూడు గ్రాములు తూగింది. ఎంత ఎక్కువగా లెక్కేసినా అందులో కాల్షియం 60 మిల్లీగ్రాములు. పెద్ద గ్లాసుడు పాలల్లో 240. అంటే గ్లాసుడు పాలకు సమానం కావాలంటే నాలుగు చెంచాల పొడి తినాలి. అంకె తప్పు కాకపోయినా, చదివినవాడి మనసులో మిగిలేది మాత్రం తప్పే. ఎండిన పొడిని ద్రవంతో, చెంచాతో తినేదాన్ని గ్లాసుతో తాగేదానితో పోల్చితే ఎవరికైనా ఇన్నిరెట్లూ వస్తాయి. నిబంధనలు కూడా పోషకాల పోలిక ఒకే తరహా ఆహారాల మధ్యే ఉండాలంటాయి. పాలకూరతో పోల్చిన ఐరన్ అంకె కూడా ఎండిన ఆకును పచ్చి ఆకుతో పోల్చి తెచ్చిందే.

చెంచా లెక్క చూశాక ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఇన్నాళ్లూ కస్టమర్లకు ఇదే చెప్పాను" అంది చివరికి. తర్వాత వాక్యాన్ని తనే కొట్టేసింది.

ఇంత కొట్టేశాక ఏం మిగులుతుందన్నది అందరికీ వచ్చే భయం. చెప్పకూడనిది తీసేస్తే మిగిలేది ఖాళీ కాదు, ఇంతవరకూ చెప్పకుండా వదిలేసింది. ఆమె వివరణలో పొడి ఏ రంగులో ఉంటుందో లేదు. వాసన లేదు, రుచి లేదు. ఏ కూరలో వేయాలో లేదు. ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో లేదు. ఎండలో ఎండిందా, నీడలో ఆరిందా అన్నది కూడా లేదు. అదే అన్నిటికంటే ముఖ్యం. ఎండలో ఎండిన ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది, నీడలో ఆరింది పచ్చగా ఉంటుంది. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, రోజుకు రెండుసార్లు తిరగేసే ఆమె కష్టమంతా "స్వచ్ఛమైనది" అన్న ఒక్క అరిగిపోయిన మాట కింద దాగిపోయింది.

కాబట్టి నేనడిగాను, ఆమె చెప్పింది, అలా రాసుకున్నాం. ఒక్క పోషక వాక్యం మాత్రం ఉంచాం. ఆమె గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పొడిని పరీక్ష చేయించింది, ఆ రిపోర్టులో 100 గ్రాములకు 21 గ్రాముల ఫైబర్ ఉంది. 100 గ్రాములకు ఆరు గ్రాములు దాటితే ఫైబర్ ఎక్కువని రాసుకోవచ్చని 2018 నిబంధనల పట్టికలో ఉంది. ఇది అనుమతించిన ప్రకటన, చేతిలో రుజువు కూడా ఉంది. అయినా చెంచా లెక్క చూసిన తర్వాత ఆమెకు మనసొప్పలేదు. చెంచాకు ఎంతో కూడా రాద్దామంది. లెక్కేస్తే 0.6 గ్రాములు. రెండూ పక్కపక్కనే పెట్టాం. అలా పెట్టమని ఎవరూ అడగలేదు.

కొత్త వివరణ ఇలా వచ్చింది:

"మునగాకు పొడి, 200 గ్రాములు. పదార్థం: ఆరబెట్టిన మునగాకు మాత్రమే. ఉప్పు, రంగు, నిల్వ ఉంచే పదార్థాలు కలపలేదు. పల్నాడు జిల్లాలోని మా తోటలో తెల్లవారుజామున కోసిన ఆకు. కాడలు తీసి, రెండు నీళ్లలో కడిగి, నీడన నాలుగు రోజులు ఆరబెట్టి, మరపట్టి, సన్నటి జల్లెడతో జల్లించాం. రంగు ఆకుపచ్చ, వాసన పచ్చి మునగాకుదే, రుచి చిరుచేదు. పప్పులో, చపాతీ పిండిలో, దోసెపిండిలో ఒక చెంచా వేసుకోవచ్చు. ఫైబర్ ఎక్కువ: 100 గ్రాములకు 21 గ్రాములు, మూడు గ్రాముల చెంచాకు 0.6 గ్రాములు. గాలి చొరని డబ్బాలో ఉంచండి, తడి చెంచా పెట్టకండి."

ఇక అయిపోయిందనుకున్నాం. మూడు రోజులకు మళ్లీ తిరస్కరణ వచ్చింది, అదే కారణంతో.

ఈ దశలో చాలామంది ఓపిక పోయి, ఉన్న పేజీ తీసేసి అదే సరుకును కొత్త పేరుతో మళ్లీ పెడతారు. అది కూడా దాచి రాయడం కిందికే వస్తుంది. చేయవలసింది వేరే ఉంది. వివరణ అంటే మనకు కనిపించే ఆ నాలుగు వరుసలే అనుకుంటాం. పరిశీలించేవాళ్లకు మాత్రం సరుకు పేరు, చుక్కలు పెట్టి రాసే ముఖ్యాంశాలు, పెద్ద వివరణ, ఫొటోలు, ఫొటోల మీది అక్షరాలు, కింద అదనంగా పెట్టే బొమ్మల పేజీ, కొనేవాళ్లకు కనిపించని వెతుకుడు పదాలు, అన్నీ కలిపి ఒకటే. పైగా సరుకు నింపేటప్పుడు ఎన్నో చిన్న చిన్న గడులు ఉంటాయి. "ఏ ఉపయోగానికి" అనే గడిలో ఎప్పుడో ఒకరోజు తొందరలో రాసిన మాట అక్కడే ఉండిపోతుంది.

నేను ఆమె ఖాతాలోని ప్రతి గడినీ తెరిచి, అందులో ఉన్నదంతా ఒకే ఫైలులోకి దించుకున్నాను. ఖాళీ గడుల పేర్లు కూడా రాసుకున్నాను. తర్వాత ఆ ఫైలులో ఒక్కో మాటనూ వెతికాను. షుగర్, బీపీ, బరువు, వెయిట్, ఇమ్యూనిటీ, డీటాక్స్, నయం, చికిత్స, ఇలా. తెలుగులో, ఇంగ్లిష్‌లో, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో కూడా. `Search Terms` గడిలో దొరికింది: `sugar control powder`, `weight loss`, `bp ki mandu`. కొనేవాళ్లకు ఆ గడి ఎప్పటికీ కనిపించదు కాబట్టి ఎవరూ చూడరని ఆమె అనుకుంది. అంగడివాళ్ల కంప్యూటర్ దాన్నే ముందు చదువుతుంది.

ఆ మాటలు తీసేయడం ఆమెకు తేలికైన పని కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. షుగర్‌కు మునగాకు అని వెతికేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లంతా ఇక ఆమె పేజీకి రారు. కొన్ని వారాలు అమ్మకాలు తగ్గాయి కూడా. వాటి బదులు సరుకు అసలు పేర్లే రకరకాలుగా పెట్టాం: `munagaku podi`, `moringa leaf powder`, `drumstick leaf powder`, `munagaku pappu`. చివరిది పెట్టమన్నది ఆమే. ఊరుదాటి వెళ్లి పచ్చి ఆకు దొరకని చోట ఉన్నవాళ్లు మునగాకు పప్పు కోసం వెతుకుతారంది.

రెండో తప్పు ఫొటోలో ఉంది. ప్యాకెట్ వెనకవైపు ఫొటోలో లేబుల్ కనిపిస్తోంది, దానిమీద అడుగున చిన్న అక్షరాల్లో "మధుమేహానికి మంచిది" అని అచ్చయి ఉంది. ఫొటో పెద్దది చేసుకుంటే తప్ప నాకే కనిపించలేదు. కంప్యూటర్ ఫొటోల్లోని అక్షరాలను కూడా చదువుతుంది. ఫొటోలో ఆ వరుసను చెరిపేద్దామా అని ఆమె అడిగింది. ఫొటోలో ఒకటి, చేతికి అందే ప్యాకెట్ మీద ఇంకొకటి ఉంటే అది మరింత పెద్ద తప్పు. పైగా 1954 చట్టం దృష్టిలో లేబుల్ కూడా ప్రకటనే, పైన చుట్టిన కాగితం కూడా. ఆన్‌లైన్‌లోనే కాదు, ఊళ్లో కిరాణా కొట్టులో పెట్టినా ఆ వరుస ఆ వరుసే. లేబుల్ మార్చక తప్పలేదు.

మూడోది తప్పు అనిపించని తప్పు. సరుకు పెట్టేటప్పుడు ఏ విభాగంలో పెట్టాలో అడుగుతారు. ఆమె ఆరోగ్య సప్లిమెంట్ల విభాగం ఎంచుకుంది, అక్కడ ధర ఎక్కువ పలుకుతుందని. క్యాప్సూల్‌గానో మాత్రగానో అమ్మే ఆరోగ్య సప్లిమెంట్లకు 2016లో వచ్చిన నిబంధనలు వేరు, లైసెన్సులో రాసే రకం వేరు, లేబుల్ మీద ఉండాల్సిన హెచ్చరికలు వేరు. ఆమె లైసెన్సులో ఉన్నది ఆకుకూర పొడి. మునగాకునే క్యాప్సూల్‌లో నింపి ఉంటే అసలు కథే వేరుగా ఉండేది. సరుకును వంట పొడుల విభాగంలోకి మార్చాం.

ఒక్కోసారి మంచి ఉద్దేశంతో రాసిన వాక్యమే పట్టిస్తుంది. ఆమె చివర్లో "ఇది మధుమేహానికి మందు కాదు" అని చేరుద్దామంది, నిజాయతీగా ఉంటుందని. వద్దన్నాను. కంప్యూటర్‌కు "కాదు" కంటే ముందు మధుమేహమే కనిపిస్తుంది. మనిషి చదివినా, మామూలు పప్పులో వేసే పొడి పక్కన ఆ మాట ఎందుకొచ్చిందన్న అనుమానమే వస్తుంది. కందిపప్పు ప్యాకెట్ మీద ఇది జ్వరానికి మందు కాదని ఎవరూ రాయరు కదా.

ఇన్ని వెతికినా ఏ మాట పట్టుబడిందో తేలని సందర్భాలు ఉంటాయి. అప్పుడు నేను చేసేది ఒకటే. సరుకు పేరు, పదార్థం, బరువు, నిల్వ, ఒక్క ముందుభాగం ఫొటో, అంతే ఉంచి మిగతాదంతా తీసేస్తాను. అది ఒప్పుకుంటే ఒక్కో వాక్యం చేరుస్తూ పోతాను, ప్రతిసారీ ఒప్పుకునే దాకా ఆగి. ఏ వాక్యం దగ్గర ఆగిపోతే తప్పు అక్కడుంది. కాలం పడుతుంది. కానీ ఊహించి పదిచోట్ల మార్చి పంపడం, మళ్లీ తిరిగి రావడం కంటే ఇదే తక్కువ కాలం. పైగా ప్రతి తిరస్కరణా ఖాతా లెక్కలో పడుతుంది. మాకు అంత అవసరం రాలేదు.

అన్నీ సరిచేశాక అంగడివాళ్లకు ఒక ఉత్తరం పంపాలి. సాధారణంగా జనం ఇక్కడ తమ కష్టాలు రాస్తారు. చదివేవారికి కావలసింది అది కాదు. మేం అయిదు వాక్యాలు రాశాం. ఫలానా సరుకు వివరణలో జబ్బుల ప్రస్తావన, పోలిక, సిఫారసు మాటలు తీసేశాం. వెతుకుడు పదాల గడిలోనుంచి మూడు మాటలు తీసేశాం. లేబుల్ మార్చాం, కొత్త లేబుల్ ఫొటోలు నాలుగు వైపులా జతచేశాం. విభాగం మార్చాం. ఫైబర్ వాక్యానికి ఆధారంగా ల్యాబ్ రిపోర్టు, లైసెన్సు ప్రతి జతచేశాం. అంతే. తప్పు ఎక్కడుందో మేమే గుర్తించామని, అన్నిచోట్లా సరిచేశామని చదివేవారికి ఒక నిమిషంలో తెలియాలి.

ఈ పద్ధతి మునగాకుకే కాదు. తలనూనె అమ్మేవాళ్లకు "జుట్టు మొలిపిస్తుంది" దగ్గర ఇదే ఇబ్బంది వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు వేపచెక్క దువ్వెనలు అమ్ముదామనుకునే ఒకాయన వివరణ ఈ మధ్యే చూశాను. అందులో "యాంటీబ్యాక్టీరియల్" అని ఉంది. క్రిములను చంపుతుందని చెప్పే వస్తువును ఆ దేశపు చట్టం పురుగుమందుల లెక్కలో చూస్తుంది, అక్కడి పర్యావరణ సంస్థ దగ్గర నమోదు చేయించాలి. వేపచెక్క అదే, దువ్వెన అదే, ఒక్క మాటతో పురుగుమందైపోయింది. ఆయన వివరణలోంచి ఆ మాట తీసేసి పళ్ల మధ్య ఎడం, చెక్క మందం, నూనె పట్టించిన తీరు రాశాం.

వినుకొండ చెల్లెలి పేజీ నాలుగు రోజుల తర్వాత తెరుచుకుంది. ఆమె దగ్గర అప్పటికి పాత లేబుళ్లు ఇంకా కట్టలుగా మిగిలి ఉన్నాయి. ఆ వరుస మీద తెల్ల స్టిక్కర్ అంటిద్దామని మొదట అనుకుంది. ఒకటి అంటించి గోటితో గీకి చూస్తే సులువుగా ఊడొచ్చింది, కింద అక్షరాలు అలాగే ఉన్నాయి. కట్టలన్నీ పక్కన పెట్టేసి కొత్తవి అచ్చు వేయించింది. అచ్చుకు ఇచ్చేముందు నమూనా నాకు పంపింది. నేను రాసిచ్చిన వాక్యాలన్నీ ఉన్నాయి. వాటి కింద, పాత వరుస ఉన్న చోటే, తను సొంతంగా ఒకటి చేర్చుకుంది: "పప్పు ఉడికాక, పోపు పెట్టి దించే ముందు ఒక చెంచా వేయండి. ముందే వేస్తే చేదెక్కుతుంది."